శనివారం ఇక్కడ ఏడు, ఒసాకాలో పదిన్నర

జపాన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి వెళ్ళాలనుకునే మన నర్సులు ఇప్పుడు జిల్లా పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. ఆ దేశం 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక నైపుణ్య కార్మికుల వీసా మొదలుపెట్టింది. ఆ దారిలో వెళ్ళాలంటే సంరక్షణ పనికి సంబంధించిన పరీక్షలతో పాటు జపనీస్ భాష పరీక్ష కూడా గట్టెక్కాలి. జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి అయినా సరే, జేఎఫ్‌టీ బేసిక్ అయినా సరే. ఈ రెండోది కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్ష. 250 మార్కులకు 200 వస్తే పాస్.

అయితే ఈ రెండు పరీక్షల్లోనూ అభ్యర్థి నోరు తెరిచి మాట్లాడాల్సిన భాగం లేదు. విని జవాబు గుర్తించాలి, చదివి గుర్తించాలి, అంతే. కాబట్టి మంచి మార్కులతో పాసైన అమ్మాయి కూడా ఒక ముసలాయన మంచం పక్కన నిలబడి "ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడగబోయి ఆగిపోవచ్చు. ఆ ప్రశ్న ఆమె వందసార్లు చదివే ఉంటుంది, పలికింది మాత్రం ఎప్పుడూ లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో ముప్ఫై మంది ఉండే క్లాసులో ఒక్కొక్కరి వంతుకు వచ్చే మాటలు ఎన్నో మీరే ఊహించుకోవచ్చు.

ఈ లోటు తీర్చుకునే దారి ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది. మనకు కావలసిన భాష మాట్లాడే మనిషిని, మన భాష కావలసిన మనిషిని, ఒక్కరిలోనే వెతుక్కోవడం. వాళ్ళకు మనం నేర్పుతాం, మనకు వాళ్ళు నేర్పుతారు. 1960ల చివర్లో ఫ్రెంచి, జర్మన్ యువతీయువకులను ఒకచోట చేర్చిన శిక్షణల్లో ఈ పద్ధతి రూపు కట్టింది. 1990లలో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం చొరవతో ఈమెయిల్‌కు ఎక్కింది. ఇప్పుడు టాండెమ్, హలోటాక్ లాంటి యాప్‌లలో నడుస్తోంది. ఆనాటి నుంచి దీనికి ఉన్న నియమాలు రెండే. ఇద్దరికీ సమానంగా లాభం ఉండాలి. ఎవరి చదువుకు వాళ్ళే బాధ్యులు కావాలి.

తెలుగు నేర్చుకోవాలనుకునే జపాన్ వాళ్ళు ఎక్కడ దొరుకుతారని అనుమానం రావచ్చు. ఇంగ్లీషు కావాలనే వాళ్ళతో పోలిస్తే తక్కువే కానీ, ఉన్నారు. 2022 అక్టోబరులో అక్కడ విడుదలైన 'ఆర్ఆర్ఆర్' నెలల తరబడి ఆడింది. 2024లో ఒసాకాకు దగ్గరలోనే ఉన్న తకరాజుకా రంగస్థల బృందం, అందరూ స్త్రీలే నటించే ఆ ప్రసిద్ధ సంస్థ, దాన్ని సంగీత నాటకంగా వేసింది. సినిమా మీద ఇష్టంతో మొదలుపెట్టి తెలుగు అక్షరాలు దిద్దుకున్న అభిమానులున్నారు. వాళ్ళలో చాలామందికి తెలుగువాళ్ళతో మాట్లాడే అవకాశమే ఉండదు.

అలాంటి మనిషి ప్రొఫైల్ దొరికిన తరువాత అసలు పని మొదలవుతుంది. మొదటి సందేశం రాయాలి. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "హాయ్, ఎలా ఉన్నారు? నేను జపనీస్ నేర్చుకుంటున్నాను. నాకు సాయం చేస్తారా? నేను మీకు తెలుగు నేర్పుతాను." ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ దీనికి "సరే" అన్నా పని జరగదు. ఎప్పుడు, ఎంతసేపు, ఏం మాట్లాడాలి అన్నవన్నీ అవతలి మనిషి నెత్తినే పడతాయి. రెండు రోజులు పలకరింపులు నడుస్తాయి, మూడో రోజుకు నవ్వు బొమ్మలు మిగులుతాయి, తరువాత అవీ ఉండవు. ఇలా రాలిపోయిన పరిచయాలకు మనుషుల్లో ఆసక్తి లేకపోవడం కారణం కాదని నా అభిప్రాయం. రోజూ గంటా ఖరారు కాలేదు, అంతే.

వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్న నర్సును తీసుకుందాం. ఆమెకు మూడు షిఫ్టులు. పగలు ఎనిమిది నుంచి రెండు, లేదా రెండు నుంచి రాత్రి ఎనిమిది, లేదా రాత్రంతా. ఆమె చూసిన ప్రొఫైల్ ఒసాకాలో ఆఫీసు ఉద్యోగం చేసుకునే ఒక మహిళది. "తెలుగు సినిమాలంటే ఇష్టం. అక్షరాలు చదవగలను. మాట్లాడలేను" అని అందులో ఉంది. నర్సు రాసిన సందేశం ఇది.

"నమస్కారం అండీ! నేను వరంగల్‌లో ఉంటాను. నేను నర్సును.

మీ ప్రొఫైల్ చదివాను. మీరు తెలుగు చదవగలరు. కానీ మాట్లాడటం కష్టం అని రాశారు. నాకూ అంతే. నేను జపనీస్ చదవగలను. మాట్లాడటం కష్టం. నేను జపాన్ వచ్చి, పెద్దవాళ్ళను చూసుకునే పని చేయాలి అనుకుంటున్నాను.

మనం వారానికి ఒకసారి మాట్లాడుకుందామా? 50 నిమిషాలు. 25 నిమిషాలు తెలుగు. 25 నిమిషాలు జపనీస్.

శనివారం. జపాన్ టైము ఉదయం 10:30, ఇండియా టైము ఉదయం 7:00. నాకు నైట్ డ్యూటీ ఉంటే, ఆదివారం. జపాన్ టైము రాత్రి 8:00, ఇండియా టైము సాయంత్రం 4:30.

బుధవారం ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపుకుందాం. మీరు తెలుగులో. నేను జపనీస్‌లో.

నేను తప్పు మాట్లాడితే చెప్పండి. మూడు తప్పులు చాలు. మాట్లాడటం అయిపోయిన తరువాత రాయండి. నేను కూడా మీకు అలాగే రాస్తాను.

నాలుగు వారాలు చేద్దాం. తరువాత ఇద్దరం ఆలోచిద్దాం. ఈ టైము మీకు మంచిది కాకపోతే, మీ టైము చెప్పండి. మీకు ముందు ఏ సినిమా గురించి మాట్లాడాలని ఉంది?"

దీని కింద ఆమె జపనీస్‌లో నాలుగు ముక్కలు రాసింది. "హజిమెమషితె. ఇందొ నొ కంగొషి దెసు. నిహోంగొ ఒ బెంక్యో షితె ఇమాసు. యోరొషికు ఒనెగయ్ షిమాసు." అంటే కొత్తగా కలుస్తున్న పలకరింపు, ఇండియా నర్సునని, జపనీస్ చదువుకుంటున్నానని, చివర దయ ఉంచమనే మర్యాద మాట. రోజులు, గంటలు మాత్రం జపనీస్‌లోనూ మళ్ళీ రాసింది. తెలుగు కొత్తగా చదివే మనిషి మిగతా ఏది తప్పుగా అర్థం చేసుకున్నా ఫరవాలేదు, గంట మాత్రం తప్పకూడదు.

ఈ సందేశంలో తెలుగు ఎంత సాదాగా ఉందో చూడండి. వాక్యాలు పొట్టివి. 'కుదరకపోతే' అనకుండా 'మంచిది కాకపోతే' అంది. 'వృద్ధుల సంరక్షణ' అనకుండా 'పెద్దవాళ్ళను చూసుకునే పని' అంది. చదివే మనిషికి ఇది మొదటి పాఠం కూడా. నిఘంటువు లేకుండా సగం పైన అర్థమైతే ఆ మనిషికి ధైర్యం వస్తుంది, జవాబు రాయబుద్ధి అవుతుంది. పరిచయం కూడా ఎంత కావాలో అంతే ఉంది. ఇంటిపేరు, ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు, ఫొటో లేవు. అవేవీ మొదటి నెలలో అవసరం పడవు. యాప్ వదిలి వేరే నంబరులోకి రమ్మని తొందరపెట్టేవాళ్ళు, బహుమతి పంపాను కస్టమ్స్‌లో ఆగింది అనేవాళ్ళు భాష కోసం వచ్చినవాళ్ళు కారు. వాళ్ళను వెంటనే బ్లాక్ చేయాలి.

గంటల సంగతి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. యూరప్, అమెరికాలలోలాగా అక్కడ ఏటా రెండుసార్లు గడియారం మార్చడం ఉండదు కాబట్టి ఒకసారి కుదిరిన టైము ఏడాదంతా అదే. చిక్కు వేరే ఉంది. మనకు తీరిక దొరికేది రాత్రి తొమ్మిదికి. అప్పటికి అక్కడ పన్నెండున్నర. వాళ్ళు ఆఫీసు నుంచి వచ్చి అన్నం తిని కూర్చునే ఎనిమిదింటికి ఇక్కడ నాలుగున్నర, మనం ఇంకా పనిలోనే ఉంటాం. అందుకే పనిరోజుల్లో పెట్టుకున్నవి నిలవవు. శనివారం పొద్దున, ఆదివారం సాయంత్రం, ఈ రెండే ఇద్దరికీ సుఖంగా ఉండే వేళలు. మన నర్సు రెండూ రాయడానికి ఇంకో కారణం నైట్ డ్యూటీ. ఉదయం ఎనిమిదిదాకా వార్డులో ఉండే మనిషి ఏడింటికి కబుర్లు చెప్పలేదు. ఆ సంగతి ముందే రాసి పెడితే, ఆ వారం వచ్చినప్పుడు అది మాట తప్పినట్టు కాకుండా, అనుకున్న ఏర్పాటులో భాగమే అవుతుంది.

రెండు వేళలు ఇవ్వడంలో ఇంకో సుగుణం కూడా ఉంది. జపాన్ వాళ్ళు మొహం మీద "వద్దు" అనరు. "చొత్తొ..." అని ఆపేస్తారు. "కొంచెం..." అన్నట్టు. లేదా "కొంచెం కష్టం" అంటారు. అది మనకు "కష్టమే కానీ చూద్దాం" లాగా వినిపిస్తుంది, వాళ్ళు మాత్రం కుదరదని చెప్పేసినట్టే. అలాంటి జవాబు వస్తే మళ్ళీ బతిమాలకూడదు. "మీ టైము చెప్పండి" అని సందేశంలోనే ఉంటే, కాదనకుండానే వేరేది చెప్పే వీలు వాళ్ళకు దొరుకుతుంది. నాలుగు వారాలు అన్న గడువు కూడా ఇందుకే. ఎల్లకాలం అంటే ఎవరికైనా భయం. నాలుగు వారాలైతే ఒప్పుకోవడం తేలిక, తరువాత మర్యాదగా ఆపేయడమూ తేలికే.

సగం సగం అన్నదాన్ని మాత్రం గడియారం పెట్టి పాటించాలి. ఫోన్‌లో 25 నిమిషాల అలారం మోగగానే, వాక్యం మధ్యలో ఉన్నా సరే, భాష మార్చాలి. ఈ వారం తెలుగుతో మొదలుపెడితే వచ్చే వారం జపనీస్‌తో. ఎందుకంటే మొదటి సగంలో ఇద్దరికీ ఓపిక ఎక్కువ, రెండో సగానికి అలసిపోతారు. ఎప్పుడూ ఒకే భాష ముందుంటే రెండో భాష నష్టపోతుంది. ఇక మూడో భాష బెడద. కాస్త తడబడగానే ఇద్దరూ ఇంగ్లీషులోకి జారుకుంటారు. మొదటివారం ఐదు నిమిషాలు, మూడోవారానికి సగం సంభాషణ. స్నేహం బాగానే ఉంటుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. దీన్ని పసిగట్టడం కష్టమేమీ కాదు. కాల్ అయ్యాక ఆ రోజు మీరు జపనీస్‌లో కొత్తగా నోటితో అన్న వాక్యాలు రాసుకోండి. రెండు మూడు కూడా రాకపోతే ఆ గంట ఇంగ్లీషులోనే గడిచిపోయిందన్నమాట.

మొదటి శనివారం ఎలా నడవాలో కూడా చూద్దాం. జపనీస్ సగానికి నర్సు విషయం ముందే ఎంచుకుంది: నొప్పి గురించి అడగడం. "దొకొ గ ఇతయ్ దెసు క?" అంటే ఎక్కడ నొప్పి అని. ఒసాకా ఆమె రోగిగా జవాబు చెప్పాలి, నర్సు మళ్ళీ అడగాలి. ఇక్కడే పుస్తకంలో పెద్దగా కనిపించని సంగతి ఒకటి బయటికి వస్తుంది. జపాన్ ముసలివాళ్ళు నొప్పి ఎలాంటిదో ధ్వనితో చెబుతారు. తల దిమ్మెక్కేలా బాదుతుంటే "గన్ గన్". గాయం సలుపుతుంటే "జుకి జుకి". సూదులు గుచ్చినట్టుంటే "చికు చికు". ఇవి తెలియని నర్సు రోగి చెప్పింది రాసుకోలేదు. మనకూ సలపడం, గుంజడం, పోటు పొడవడం అన్న తేడాలన్నీ ఉన్నాయి కాబట్టి మన నర్సుకు విషయం ఇట్టే పట్టుబడుతుంది. ఆ మూడు మాటలూ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుని, బుధవారం వాయిస్ మెసేజ్‌లో వాటితో మూడు వాక్యాలు చెబుతుంది.

వాక్యం కట్టడం తెలుగువాళ్ళకు పెద్ద కష్టం కాదు. "హైదరబాదొ కర కిమషిత" అన్నా, "హైదరాబాదు నుంచి వచ్చాను" అన్నా మాటల వరస ఒకటే. రెండింటిలోనూ క్రియ చివర వస్తుంది, 'నుంచి' లాంటిది పేరు వెనక వస్తుంది. హ్రస్వ దీర్ఘాల తేడా కూడా మనకు అలవాటే. 'ఒబసాన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసాన్' అంటే నాయనమ్మ లాంటి పెద్దావిడ. ఈ తేడా పలకలేక చాలా దేశాలవాళ్ళు తంటాలు పడతారు. మనవాళ్ళకు వచ్చే తప్పు వేరు. తెలుగులో మాట చివరి అచ్చును నిండుగా పలుకుతాం కదా, 'దెసు', 'షిమాసు' అని రాసిందాన్ని అలాగే నిండుగా పలికేస్తాం. వాళ్ళ నోట చివరి ఉకారం దాదాపు వినపడదు, 'దెస్', 'షిమాస్' లాగానే ఉంటుంది. ఆ మూడు దిద్దుబాట్లలో మొదటిది ఎక్కువసార్లు ఇదే అవుతుంది.

అలారం మోగింది. తెలుగు సగం. ఒసాకా ఆమె ముందే తయారుచేసుకున్న నాలుగు వాక్యాలతో సినిమాలో ఒక సన్నివేశం చెబుతుంది. జపనీస్‌లో ల, ర వేరువేరుగా లేవు, కాబట్టి కాలు నొప్పి కాస్తా కారు నొప్పి అవుతుంది. త, ట తేడా కూడా వాళ్ళకు కొత్త. 'పాత పాట' అన్న రెండు మాటలు ఆమె చేత మెల్లగా పలికిస్తే ఆ వారానికి చాలు. ఇంకోటి, 'మేము', 'మనం' అన్న విభజన వాళ్ళ భాషలో లేదు. "మనం ఒసాకాలో ఉంటాం" అని ఆమె అంటే, వరంగల్‌లో ఉన్న మీరు కూడా అక్కడే ఉన్నట్టవుతుంది. ఇది చెప్పేటప్పుడు వ్యాకరణం మొదలుపెట్టకండి. మాతృభాషగా మాట్లాడేవాళ్ళకు తమ భాష ఎందుకలా ఉందో చెప్పడం నిజానికి రాదు. జపనీస్‌లో 'వ' ఎప్పుడు, 'గ' ఎప్పుడు అని అడిగితే ఆమె కూడా తికమకపడుతుంది. సరైన వాక్యాలు రెండు మూడు ఇస్తే చాలు. కారణం కావాలంటే పుస్తకం ఉంది. జపాన్ ఫౌండేషన్ తయారుచేసిన 'ఇరొదొరి' జపాన్‌లో బతకడానికి కావలసిన భాష కోసమే రాసింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాఠం అక్కడ చదవాలి, దాన్ని శనివారం నోటికి ఎక్కించుకోవాలి. పుస్తకం తెరవకుండా భాగస్వామి మీదే ఆధారపడితే నాలుగో వారానికి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

తప్పులు మూడే చెప్పమనడానికి, చివర్లో రాయమనడానికి కూడా అనుభవంలో పుట్టిన కారణాలున్నాయి. ప్రతి మాటకూ ఆపి దిద్దితే మాట్లాడేవాళ్ళ గొంతు మూతపడుతుంది. అసలు దిద్దకపోతే తప్పే అలవాటవుతుంది. జపాన్ వాళ్ళ విషయంలో రెండో ప్రమాదమే ఎక్కువ. మీరు రెండు మాటలు అనగానే "జోజు దెసు నె", ఎంత బాగా మాట్లాడుతున్నారో అంటారు. అది మర్యాద. దాన్ని మార్కుల కింద లెక్కవేసుకోకూడదు. వాళ్ళకై వాళ్ళు తప్పులు ఎత్తిచూపరు. మూడు చెప్పండి అని అంకె వేసి అడిగితే, అది మీరు కోరిన సాయం కాబట్టి నొచ్చుకోకుండా చెబుతారు. మీరు మూడు తెలుగు దిద్దుబాట్లు ముందు రాసి పంపండి. ఆమె కూడా మూడు పంపుతుంది.

ఇదంతా సవ్యంగా నడుస్తున్నా ఒక హద్దు గుర్తుంచుకోవాలి. వారానికి 25 నిమిషాల జపనీస్ అంటే నాలుగు వారాలకు వంద నిమిషాలు. దానితో ఎన్4 రాదు. రోజూ చదివే చదువు విడిగా ఉండాల్సిందే. ఈ వంద నిమిషాలు చేసేది వేరే పని. ఇంటర్వ్యూలో జపాన్ యజమాని తెర మీద కనిపించి "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు, జపాన్ మనిషి ఎదుట నోరు విప్పడం మీకు అదే మొదటిసారి కాకుండా చూస్తుంది.

వారంలోగా జవాబు రాకపోతే ఒక్క వాక్యం మళ్ళీ రాయవచ్చు, అంతకు మించి వద్దు. ఇంకొకరికి రాయండి. కానీ అదే సందేశాన్ని పేరు మార్చి పదిమందికి పంపకండి. షిఫ్టులు, గంటలు, దిద్దుబాటు పద్ధతి అన్నవి అలాగే ఉంచుకోవచ్చు. "మీ ప్రొఫైల్ చదివాను" అన్న దగ్గర మొదలయ్యే వాక్యాలు, చివరి ప్రశ్న మాత్రం ప్రతి మనిషికీ కొత్తగా, వాళ్ళు రాసుకున్నది నిజంగా చదివి రాయండి. జవాబు వచ్చేది ఎక్కువగా ఆ వాక్యాలకే.